అద్దె 57 వేలు, ఈఎంఐ 65 వేలు: ఒక వీఎంసీ మెషీన్ కేసు

2024 ఫిబ్రవరిలో బాలానగర్ నుంచి ఇద్దరు పార్టనర్లు మా ఆఫీసుకొచ్చారు. వరసకి బావా బామ్మర్దులు. జాబ్ వర్క్ చేసే చిన్న ఫర్మ్ వాళ్ళది, పదేళ్లుగా లెక్కలు నేనే చూస్తున్నాను. షెడ్డులో ఒక పాత వీఎంసీ, అంటే కంప్యూటర్ నడిపే మిల్లింగ్ మెషీన్, రెండు సీఎన్‌సీ లేత్‌లు ఉన్నాయి. పంపుల బాడీలు చేయించుకునే ఒక కస్టమర్ పని పెంచుతానన్నాడు, దాంతో కొత్త వీఎంసీ అవసరమైంది. కొటేషన్ 30 లక్షలు, దాని మీద 18% జీఎస్‌టీ 5.4 లక్షలు.

బామ్మర్ది చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి బ్యాంకుది: 11% వడ్డీ, 60 నెలలు, 30 లక్షల మీద ఈఎంఐ దాదాపు 65,200. రెండోది లీజింగ్ కంపెనీది: 60 నెలలు, నెలకి 57,000 ప్లస్ జీఎస్‌టీ, 3 లక్షల వడ్డీలేని డిపాజిట్, గడువు తీరాక మెషీన్ వాళ్ళకి తిరిగి ఇచ్చెయ్యాలి.

"నెలకి ఎనిమిది వేలు మిగులుతుంది బావా. పైగా అద్దె మొత్తం ఖర్చులో రాసుకోవచ్చట. ఈఎంఐలో అసలు భాగాన్ని రాసుకోనివ్వరు కదా" అన్నాడు బామ్మర్ది. బావ ఏమీ అనకుండా నా వైపు చూశాడు.

ఆ మాటలో ప్రతి ముక్కా నిజమే. అద్దె ఖర్చే, అసలు భాగం ఖర్చు కాదు, ఎనిమిది వేలు తేడా కూడా ఉంది. అయినా దాన్ని పట్టుకుని నిర్ణయం తీసుకుంటే పొరపాటే. ఈఎంఐ కట్టినవాడికి ఐదేళ్ల తర్వాత మెషీన్ మిగులుతుంది, అద్దె కట్టినవాడికి మిగలదు. అసలు భాగం ఖర్చులోకి రాకపోయినా దాని బదులు తరుగుదల వస్తుంది. ఏది ఎప్పుడు వస్తుందో, దాని విలువ ఈ రోజు ఎంతో తెలియకుండా రెండు నెలసరి అంకెల్ని పోల్చకూడదు.

ముందుగా ఈఎంఐని పక్కన పెట్టాను

ఇలా అనగానే క్లయింట్లకి ఎప్పుడూ విడ్డూరంగానే ఉంటుంది. కొనడానికయ్యే ఖర్చు లెక్కలో ఈఎంఐ రాయను, 30 లక్షలు ఈ రోజే చేతి నుంచి పోయినట్టు రాస్తాను. అప్పు 11% మీద దొరుకుతుంది. భవిష్యత్తులో కట్టే ఈఎంఐలని, వాటి వడ్డీ మీద మిగిలే, అంటే కట్టక్కర్లేని, పన్నుతో సహా, అదే అప్పు రేటుతో ఈ రోజుకి తెస్తే, అంటే మధ్యలోని వడ్డీ తీసేసి ఈ రోజు విలువ కడితే, మళ్ళీ ఆ 30 లక్షలే వస్తుంది. అంటే అప్పు తీసుకోవడం వల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. ఈఎంఐలని లెక్కలో ఉంచితే షీటు పొడుగవుతుంది తప్ప జవాబు మారదు.

కాకపోతే ఈ రోజుకి తేవడానికి వాడే రేటు పన్ను తీసేసిన రేటు కావాలి. పార్టనర్‌షిప్ ఫర్మ్‌కి పన్ను 30%, సెస్సు కలిపితే 31.2%. వీళ్ళ లాభం కోటి రూపాయల లోపే కాబట్టి సర్‌చార్జ్ లేదు. 11% వడ్డీ కడితే అందులో 31.2% పన్నులో తగ్గుతుంది, నికరంగా పడేది 7.57%. ఈ లెక్కంతా ఆ రేటు మీదే నడుస్తుంది. దీని గురించి తర్వాత మళ్ళీ చెప్పాల్సి వస్తుంది.

కొంటే

మెషీన్ మీద కట్టిన 5.4 లక్షల జీఎస్‌టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకుని, అమ్మకాల మీద కట్టాల్సిన జీఎస్‌టీలో తగ్గించుకోవచ్చు. అలా తీసుకుంటే ఆ భాగం మీద తరుగుదల అడగకూడదు, అందుకే లెక్క 30 లక్షల మీదే వేయాలి. ఈ ఫర్మ్ అమ్మకాల మీద పడే జీఎస్‌టీతో చూస్తే ఆ క్రెడిట్ పూర్తిగా వాడుకోవడానికి దాదాపు ఎనిమిది నెలలు పడుతుంది. అన్నాళ్ళూ మెల్లగా తగ్గుతూ డబ్బు ఇరుక్కున్నందుకు 14 వేలు ఖర్చు రాశాను.

మామూలు యంత్రాలకి తరుగుదల 15%, ప్రతి ఏడూ మిగిలిన విలువ మీద. తయారీ చేసే ఫర్మ్ కొత్త మెషీన్ కొంటే మొదటి ఏడాది ఇంకో 20% అదనపు తరుగుదల. ఏప్రిల్‌లో మెషీన్ నడపడం మొదలుపెడతారు కాబట్టి మొదటి ఏడాదే మొత్తం 35% వచ్చేస్తుంది. అంకెలు లక్షల్లో:

| సంవత్సరం | తరుగుదల | మిగిలే పన్ను | ఈ రోజు విలువ |
|---|---|---|---|
| 2024-25 | 10.50 | 3.28 | 3.05 |
| 2025-26 | 2.93 | 0.91 | 0.79 |
| 2026-27 | 2.49 | 0.78 | 0.62 |
| 2027-28 | 2.11 | 0.66 | 0.49 |
| 2028-29 | 1.80 | 0.56 | 0.39 |

అన్నీ కలిపి 5.34 లక్షలు.

ఆ 20% గురించి ఒక మాట. మెషీన్ డీలరు దాన్ని పెద్ద వరంలా చెప్పాడట: "ఆరు లక్షలు ఎక్స్‌ట్రా డిడక్షన్ సార్, దాదాపు రెండు లక్షల పన్ను మిగులుతుంది". పేరులో అదనపు అని ఉంది గానీ, అది అదనంగా ఇచ్చేది కాదు, ముందుగా ఇచ్చేది. మొదటి ఏడాది ఆరు లక్షలు ఎక్కువ రాసుకుంటే బ్లాకులో, అంటే ఒకే రేటు యంత్రాలన్నిటినీ కలిపి తరుగుదల లెక్కేసే ఖాతాలో, విలువ కూడా ఆరు లక్షలు తగ్గిపోతుంది, తర్వాతి ఏళ్ళలో తరుగుదల ఆ మేరకు పల్చబడుతుంది. ఆ 20% లేకుండా ఇదే లెక్క మళ్ళీ వేసి చూశాను. తేడా 58 వేలు. రెండు లక్షలు అన్నది నిజానికి అంతే.

ఇక ఐదేళ్ల తర్వాత మెషీన్ ఎంతకి పోతుంది? మొత్తం లెక్కలో ఊహ ఇదొక్కటే. సెకండ్ హ్యాండ్ మెషీన్లు అమ్మే ఇద్దరిని అడగమన్నాను. కొనేవాడు ముందు చూసేవి స్పిండిల్ ఆట, బాల్ స్క్రూలో బ్యాక్‌లాష్, కంట్రోలర్ మోడల్. పెయింటు ఎవరూ చూడరు. వచ్చిన రెండు జవాబుల్లో తక్కువది తీసుకున్నాను: 9 లక్షలు. ఈ రోజు విలువ 6.25 లక్షలు.

అమ్మినప్పుడు పన్ను ఎలా అన్నది చాలామంది తప్పు వేస్తారు. ఐదేళ్లకి ఆ మెషీన్ పుస్తక విలువ 10.18 లక్షలు, 9కి అమ్మితే 1.18 లక్షల నష్టం కదా, అది వెంటనే ఖర్చు కదా అంటారు. కాదు. పాత మెషీన్లు కూడా అదే బ్లాకులో ఉన్నాయి, కాబట్టి అమ్మిన సొమ్ము బ్లాకులోంచి తగ్గుతుంది, మిగిలిన 1.18 లక్షలు అక్కడే ఉండి ఏటా 15% చొప్పున కరుగుతాయి. వాటి మీద మిగిలే పన్ను విలువ ఈ రోజుకి 17 వేలు.

మొత్తం మీద 30 లక్షల్లోంచి 5.34, 6.25, 0.17 తీసేసి జీఎస్‌టీ 14 వేలు కలిపితే, కొనడానికి పన్ను పోను అయ్యే అసలు ఖర్చు 18.38 లక్షలు.

లీజుకి తీసుకుంటే

అద్దె ఏడాదికి 6.84 లక్షలు. నెలనెలా కట్టేది కాబట్టి ఏడాది మధ్యలో పోయినట్టు లెక్కేశాను, పన్ను మాత్రం ఏడాది చివర మిగిలినట్టు. కొనే వైపు కూడా పన్నుని ఏడాది చివరే రాశాను, ఇటొకలా అటొకలా రాస్తే పోలిక చెడిపోతుంది. అద్దెలన్నీ ఈ రోజుకి తెస్తే 28.65 లక్షలు, వాటి మీద మిగిలే పన్ను 8.62 లక్షలు. నికరం 20.03.

3 లక్షల డిపాజిట్ ఐదేళ్ల తర్వాత తిరిగి వస్తుంది గానీ వడ్డీ లేకుండా వస్తుంది. ఆ వడ్డీ కూడా ఖర్చే, 92 వేలు. ఇన్సూరెన్సు, ఏఎంసీ రెండు దారుల్లోనూ ఫర్మ్ నెత్తినే ఉన్నాయి, అందుకే ఎటూ రాయలేదు. అద్దె మీద జీఎస్‌టీ నెలనెలా క్రెడిట్ అయిపోతుంది.

లీజు ఖర్చు 20.95 లక్షలు. కొనడం కంటే 2.57 లక్షలు ఎక్కువ. నెలకి ఎనిమిది వేలు తక్కువ కనపడిన కాగితమే ఖరీదైనదిగా తేలింది.

ఏజెంటు షీటు

ఈ మాట చెప్పిన రెండు రోజులకి బామ్మర్ది ఫోన్ చేశాడు. లీజింగ్ కంపెనీ ఏజెంటు ఎక్సెల్ షీటు పంపాడట, అందులోనూ పన్ను పోను లెక్కే ఉంది, లీజే చవకని వస్తోంది. తెరిచి చూశాను. అద్దెలు సరిగానే ఉన్నాయి, తరుగుదల కూడా సరిగానే ఉంది. ఒక గడిలో మాత్రం 14% అని ఉంది, పక్కన "మీ క్యాపిటల్ కాస్ట్" అని రాసి ఉంది.

ఆ 14% నా షీటులో పెట్టి చూస్తే లీజు లక్షన్నర చవకవుతుంది. కారణం ఇదీ: కొంటే డబ్బు ముందు పోతుంది, లాభాలు తర్వాత వస్తాయి. లీజులో డబ్బు మెల్లగా పోతుంది. రేటు పెంచేకొద్దీ తర్వాత పోయే డబ్బు చిన్నదిగా కనిపిస్తుంది, కాబట్టి తగినంత పెద్ద రేటు పెడితే ఏ లీజైనా గెలుస్తుంది. షీటు చూపించినవాడిని ముందు అడగాల్సింది ఆ ఒక్క గడి గురించే.

పన్ను తీయని 11% పెట్టడం ఇంకో రకం పొరపాటు, ఇది మాలో కూడా చాలామంది చేస్తారు. మొదటి రోజు తొందరలో నేనూ అదే పెట్టాను. తేడా 2.57 లక్షల నుంచి పాతిక వేలకి పడిపోయింది. అద్దెలోంచి, తరుగుదలలోంచి పన్ను తీసేసి, రేటులోంచి మాత్రం తీయకపోతే ఇలాగే అవుతుంది. లీజు అద్దె అంటే నెలనెలా తప్పక కట్టాల్సిన బాకీ, అచ్చం ఈఎంఐ లాంటిది. అది ఆక్రమిస్తున్న చోటు అప్పుది. అందుకే దాన్ని అప్పు రేటుతోనే, పన్ను తీసేసిన అప్పు రేటుతోనే కొలవాలి.

ఒక్క చోట మాత్రం ఏజెంటు వైపు కొంచెం న్యాయముంది. ఐదేళ్ల తర్వాతి 9 లక్షలు అద్దె లాగా ఖాయం కాదు. ఆ ఒక్క అంకెకి 14% వేసి చూశాను. కొనే ఖర్చు 1.58 లక్షలు పెరిగింది, అయినా కొనడమే దాదాపు లక్ష చవక. మిగతావన్నీ అలాగే ఉంచితే, లీజు గెలవాలంటే మెషీన్ 4.3 లక్షల కంటే తక్కువకి పోవాలి. ఈ మాట చెప్పాక బావ మొదటిసారి నోరు విప్పాడు: "పాత వీఎంసీకే అంతకంటే ఎక్కువ అడుగుతున్నారు సార్."

నోటిమాట

సరేనని లేవబోతూ బామ్మర్ది అసలు విషయం చెప్పాడు. గడువు తీరాక ఒక్క శాతానికి, అంటే 30 వేలకి, మెషీన్ ఫర్మ్ పేరు మీదే రాసిస్తానని ఏజెంటు మాటిచ్చాడట. కాగితంలో మాత్రం "తిరిగి ఇవ్వాలి" అని ఉంది.

అది నిజమైతే లెక్క తిరగబడుతుంది. 30 వేలు కట్టి 9 లక్షల మెషీన్ ఉంచుకుంటే, పన్ను పోను ఈ రోజు విలువలో 4.79 లక్షలు కలిసొస్తుంది. లీజు ఖర్చు 16.16 లక్షలకి దిగి, కొనడం కంటే 2.2 లక్షలు చవకవుతుంది. మొత్తం నిర్ణయం ఒక నోటిమాట మీద ఆధారపడిందన్నమాట.

నమ్మాలా వద్దా అని వాదించుకోకుండా లీజింగ్ కంపెనీ కుర్చీలో కూర్చుని చూద్దామన్నాను. వాళ్ళు ఈ రోజు నికరంగా పెట్టేది 27 లక్షలు, ఎందుకంటే మూడు లక్షలు డిపాజిట్‌గా వీళ్ళే ఇస్తున్నారు. అరవై నెలలు 57 వేలు వస్తాయి. చివర్లో ఏం వస్తుందన్నదే ప్రశ్న. దాన్ని బట్టి వాళ్ళకి ఏడాదికి ఎంత వడ్డీ పడుతుందో ఎక్సెల్‌లో ఇలా చూశాను:

```
=RATE(60,57000,-2700000,600000,1)*12
=RATE(60,57000,-2700000,-270000,1)*12
```

మొదటి వరసలో మెషీన్ తిరిగి తీసుకుని 9 లక్షలకి అమ్ముతారు, 3 లక్షల డిపాజిట్ తిరిగిస్తారు, చేతికి 6 లక్షలు. జవాబు 15% పైమాట. రెండో వరసలో 30 వేలు తీసుకుని మెషీన్ వదిలేస్తారు, డిపాజిట్ ఇచ్చాక చేతి నుంచి 2.7 లక్షలు పోతాయి. జవాబు 7% చుట్టూ. బ్యాంకే వీళ్ళకి 11% అడుగుతున్నప్పుడు, బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చి తిప్పే కంపెనీ 7%కి ఎందుకిస్తుంది? ఏజెంటు అబద్ధం చెప్పాడని నేననలేదు. ఆ అద్దె వేసినవాడు మాత్రం మెషీన్ వెనక్కొస్తుందనుకునే వేశాడు.

ఒకవేళ రాసిచ్చినా ఇంకో చిక్కుంది. నామమాత్రపు ధరకి మెషీన్ వీళ్ళదయ్యేట్టు ఒప్పందంలోనే ఉంటే, ఇది లీజు కాదు, వాయిదాల మీద కొనడమే అని అసెసింగ్ ఆఫీసరు అనడానికి వీలుంటుంది. అప్పుడు అద్దె మొత్తం ఖర్చుగా ఒప్పుకోరు. తరుగుదల, వడ్డీ భాగం మాత్రమే ఇస్తారు. అద్దె పూర్తిగా ఖర్చు రాసుకోవచ్చన్న ఆకర్షణే పోతుంది.

"రాసిమ్మని మెయిల్ పెట్టు" అన్నాను. మూడో రోజు జవాబొచ్చింది: గడువు తీరాక "అప్పటి మార్కెట్ ధరకి" కొనుక్కునే వీలు పరిశీలిస్తారట. బామ్మర్ది ఆ మెయిల్‌ని ఏ వ్యాఖ్యా లేకుండా నాకు ఫార్వర్డ్ చేశాడు.

రెండేళ్ళ ఆర్డరు

అయినా అతని దగ్గర ఇంకో వాదన ఉంది, నాకు అన్నిటికంటే బలంగా కనిపించింది అదే. కస్టమర్ పని ఖాయంగా ఇస్తానన్నది రెండేళ్ళకే. ఆ తర్వాత పని లేకపోతే లీజు మెషీన్ ఇచ్చేయొచ్చు, కొన్నది మెడకి చుట్టుకుంటుంది. నిజమే అయితే దాని కోసం రెండున్నర లక్షలు ఎక్కువ పెట్టడం తప్పేమీ కాదు.

ఒప్పందం మొత్తం చదివాను. లాక్-ఇన్ అరవై నెలలు. మధ్యలో వదిలేస్తే మిగిలిన అద్దెలన్నీ కట్టాలి, డిపాజిట్ అందులో జమ. ఇచ్చేయగలిగితే కదా లీజులో వెసులుబాటు ఉన్నట్టు! కొన్న మెషీన్‌ని రెండేళ్ళకి అమ్మి బ్యాంకు బాకీ తీర్చొచ్చు, ఇక్కడ అదీ లేదు. ఇంకో క్లాజు: గడువుకి 90 రోజుల ముందు నోటీసు ఇవ్వకపోతే లీజు అదే అద్దెకి ఇంకో ఏడాది పొడిగించినట్టే. మెషీన్‌ని వాళ్ళ యార్డుకి చేర్చే లారీ ఖర్చు, రిపేర్లు కూడా వీళ్ళవే. ఇవేవీ నా 20.95లో లేవు.

చేతిలో ఎంత ఉంది

లీజు వైపు మొగ్గడానికి ఒక నిజమైన కారణం మిగిలింది, అది చేతిలో డబ్బు. కాగితంలో ఈఎంఐ 30 లక్షల మీద లెక్కేసినా, బ్యాంకు నిజానికి 85% ఇస్తుంది, 4.5 లక్షలు మార్జిన్ వీళ్ళు పెట్టాలి. జీఎస్‌టీ 5.4 లక్షలకి బ్యాంకు ఇవ్వనంది. అంటే మొదటి రోజే 9.9 లక్షలు కావాలి. లీజుకైతే డిపాజిట్, మొదటి అద్దె కలిపి నాలుగు లక్షల లోపు.

ఆ తొమ్మిది లక్షల తొంభై వేలు సీసీ అకౌంట్‌లోంచి, అంటే రోజువారీ ఖర్చులకి బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్‌లోంచి, లాగాల్సి వస్తే వద్దనే వాణ్ణి. సీసీ నిండిపోతే టూల్స్ కొనడానికి, జీతాలకి టెన్షన్ మొదలవుతుంది, ఒక్క నెల డెలివరీ తప్పితే పోయే కస్టమర్ విలువ రెండున్నర లక్షల కంటే ఎక్కువే. బావ పేరు మీద పన్నెండు లక్షల ఎఫ్‌డీ ఉంది. దాన్ని ఫర్మ్‌కి అప్పుగా ఇవ్వడానికి ఒప్పుకున్నాడు.

మరో ఫోన్ ఏజెంటుకి చేశాం. ఎంత అద్దె అయితే రెండు దారులూ సమానమవుతాయో ముందే లెక్కేసి పెట్టుకున్నాను: 49,700. "49,500కి ఇస్తే ఈ రోజే సంతకం" అన్నాడు బావ. ఏజెంటు లైన్‌లో ఉండమని ఎవరినో అడిగొచ్చాడు. 55,500 దగ్గర ఆగిపోయాడు.

కొన్నారు. మార్చి ఆఖరి వారంలో బిల్లు చేయించేస్తే ఈ ఏడాదే సగం తరుగుదల వస్తుంది కదా అని డీలరు తొందరపెట్టాడు. 180 రోజుల కంటే తక్కువ వాడితే ఆ ఏడాది సగమే ఇస్తారు, మిగిలిన సగం అదనపు తరుగుదల మరుసటి ఏడాది వస్తుంది. కాగితం మీద చూస్తే డీలరు మాట తప్పు కాదు, ఒక ఏడాది ముందే కొంత పన్ను మిగులుతుంది. అయితే చట్టం అడిగేది బిల్లు తేదీ కాదు, వాడకం మొదలైన తేదీ. ఇంతకు ముందు ఒక క్లయింటు మార్చి 27 బిల్లుతో తరుగుదల అడిగాడు, స్క్రూటినీలో కమిషనింగ్ రిపోర్టు చూపమన్నారు. అందులో ఏప్రిల్ తేదీ ఉంది. బిల్లు వచ్చేనాటికి మెషీన్ ఇంకా చెక్క పెట్టెలోనే ఉంది మరి. అందుకే ఈసారి ఏప్రిల్‌లోనే తెప్పించాం. కమిషనింగ్ రిపోర్టు, ఆ రోజు తీసిన మొదటి పీసు ఇన్‌స్పెక్షన్ షీటు, జాబ్ కార్డు మూడూ ఒకే ఫైల్లో పెట్టించాను. 2029లో మెషీన్ అమ్మితే ఎంతొచ్చిందో రాసుకోవడానికి ఆ ఫైలు వెనక ఒక ఖాళీ కాగితం పెట్టాడు బామ్మర్ది. పైన పెన్సిల్‌తో 4.3 అని రాసుకున్నాడు.